సిమ్ లోపలే ఉంది, ఫోను లేదంటోంది

ఫోను తెర మీద No SIM అని కనపడగానే చాలామంది సిమ్ కంపెనీ దుకాణానికి బయలుదేరతారు. నెట్‌వర్క్ పోయిందనీ, రీచార్జి అయిపోయిందనీ, టవర్‌లో ఏదో జరిగిందనీ అనుకుంటారు. నిజానికి ఆ రెండు మాటలకీ టవర్‌తో సంబంధం లేదు. రీచార్జి ఎప్పుడో అయిపోయిన సిమ్ పెట్టినా, ఊరవతల సిగ్నల్ అందని అడవిలో నిలబడినా ఫోను No SIM అనదు. ఆ మాట ఫోనుకీ, దాని పక్కన అరలో కూర్చున్న చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్కకీ మధ్య నడిచే వ్యవహారం. కార్డు ఉందో లేదో చూడటానికి ఫోనుకి కళ్ళు లేవు. అది ఒక్కటే చేయగలదు, పలకరించి జవాబు కోసం ఆగడం. బడిలో హాజరు పిలిచినప్పుడు వెనక బెంచీలో కునుకు తీస్తున్న పిల్లాడు పలక్కపోతే రిజిస్టర్‌లో గైర్హాజరే పడుతుంది. No SIM కూడా అలాంటి గైర్హాజరే.

అందుకే ముందుగా తెర మీద సరిగ్గా ఏం రాసి ఉందో చదవాలి. No service అన్నా, Emergency calls only అన్నా కార్డు పలికింది, టవరే పలకలేదు లేదా ఒప్పుకోలేదు. Invalid SIM అనో SIM not provisioned అనో వస్తే సాధారణంగా కార్డు తన నంబరు చెప్పుకుంది గానీ, నెట్‌వర్క్ దాన్ని తన ఖాతాలో గుర్తించలేదని అర్థం. పిన్ అడిగినా, పీయూకే అడిగినా కార్డు నిక్షేపంగా మాట్లాడుతున్నట్టే. ఈ తేడా తెలియడం వల్ల ఒక ముఖ్యమైన లాభం ఉంది. మన నంబరు మీద ఎవరో మోసంతో డూప్లికేట్ సిమ్ తీసుకుంటే మన చేతిలోని పాత కార్డు అరలోంచి మాయమైపోదు, ఫోను పలకరిస్తే పలుకుతూనే ఉంటుంది. నెట్‌వర్క్ మాత్రమే దాన్ని కాదంటుంది. కాబట్టి అప్పుడు సాధారణంగా కనపడేది No service, Emergency calls only, Invalid SIM లాంటివే. కార్డు సరిగ్గా ఉన్నట్టు చూపిస్తూ సిగ్నల్ మాత్రం ఉన్నట్టుండి పోయి, పక్కవాళ్ళ అదే కంపెనీ ఫోన్లు బాగా పనిచేస్తుంటే, ట్రే తీసి తుడుస్తూ కూర్చోకూడదు. వేరే ఫోను నుంచి కంపెనీకీ, బ్యాంకుకీ వెంటనే చెప్పాలి. డబ్బు పోయినట్టు కనపడితే 1930కి కూడా. తుడవడం, అర చూడటం అన్నవి No SIM అన్నప్పుడే.

ఇక ఆ పలకరింపు ఎలా జరుగుతుందో చూద్దాం. సిమ్ వెనక బంగారు రంగు పలకని జాగ్రత్తగా చూస్తే సన్నటి గీతలతో ఆరు గానీ ఎనిమిది గానీ గడులుగా చీలి ఉంటుంది. ఒక్కో గడి ఒక్కో తీగ లాంటిది. ఫోను అరలో వాటికి ఎదురుగా అంతే సన్నటి స్ప్రింగు పిన్నులు ఉంటాయి. ఎన్ని గడులున్నా పలకరింపుకి కావలసినవి ఐదే. ఒకటి కరెంటు, ఒకటి ఎర్త్, ఒకటి తాళం వేసినట్టు సమానంగా కొట్టే క్లాక్, ఒకటి కార్డుని నిద్రలేపే రీసెట్, ఇంకొకటి మాటలు అటూ ఇటూ నడిచే డేటా లైను. క్రెడిట్ కార్డు చిప్పుకీ, సిమ్‌కీ ఈ గడుల అమరిక ఒకటే. రెండూ ISO/IEC 7816 అనే ఒకే ప్రమాణం నుంచి పుట్టాయి. 1991లో మ్యూనిక్‌లోని గీసెకె అండ్ డెవ్రియెంట్ అనే సంస్థ ఫిన్లాండ్‌లోని రేడియోలింజాకి తయారుచేసి ఇచ్చిన తొలి సిమ్‌లు అచ్చంగా క్రెడిట్ కార్డంత ఉండేవి. తర్వాత చుట్టూ ఉన్న ప్లాస్టిక్ తరుగుతూ వచ్చిందే గానీ గడుల పని మారలేదు.

ఫోను ఆన్ కాగానే రీసెట్ గడిని నొక్కిపట్టి ఉంచి ముందు 1.8 వోల్టుల కరెంటు ఇస్తుంది, తర్వాత క్లాక్ మొదలుపెడుతుంది, ఆపైన రీసెట్ వదులుతుంది. అక్కడి నుంచి 40,000 క్లాక్ దెబ్బల్లోపు కార్డు నోరు విప్పాలి. క్లాక్ సెకనుకి నలభై లక్షల దెబ్బలు కొడుతుంటే ఆ గడువు సెకనులో నూరో వంతు. ఆలోపు డేటా లైను మీద కార్డు తన పరిచయం కొన్ని బైట్లలో చెప్పుకోవాలి. మన సిమ్‌ల పరిచయంలో సాధారణంగా మొదటి బైటు 3B. ఆ పరిచయం రాకపోతే, లేదా మధ్యలో చెడిపోయి వస్తే ఫోను మళ్ళీ అడుగుతుంది, పాత కార్డేమో అని 3 వోల్టులతో కూడా ప్రయత్నిస్తుంది. ఎన్నిసార్లు అడిగినా మౌనమే అయితే కరెంటు తీసేసి తెర మీద No SIM రాసేస్తుంది. ఐదు గడుల్లో నాలుగు చక్కగా తగిలి ఒక్కటి తగలకపోయినా ఫలితం ఇదే. క్లాక్ అందని కార్డు నిద్రలేచినా కదల్లేదు, డేటా గడి తగలని కార్డు పలికినా ఆ మాట ఫోను దాకా రాదు. సగం తగిలితే సగం సిగ్నల్ వస్తుందన్న లెక్క ఇక్కడ లేదు.

అలాగని పలకరింపు ఒకసారితో అయిపోదు. ఫోను మధ్యమధ్యలో కార్డుని తట్టి చూస్తూనే ఉంటుంది. కాల్ నడుస్తున్నంతసేపూ ప్రతి 30 సెకన్లలో ఒకసారైనా కార్డు ఉందో లేదో అడిగి తెలుసుకోవాలని నియమం. మాట్లాడుతుండగా కాల్ తెగి No SIM రావడం, బండి గతుకుల్లో పడ్డప్పుడల్లా సిమ్ మాయమై మళ్ళీ రావడం, వీటికి కారణం అదే. కార్డు చచ్చిపోయి మళ్ళీ బతకలేదు, ఒక గడి కాసేపు వదిలేసిందంతే.

గడి ఎందుకు వదిలేస్తుంది? గడుల పైన బంగారు పూత పల్చనిది. దాని కింద నికెలు, ఆ కింద రాగి. స్ప్రింగు పిన్ను ఒకే చోట నొక్కుతూ, ఫోను అదిరినప్పుడల్లా వెంట్రుక మందం కూడా లేని కదలికతో అక్కడే రుద్దుకుంటుంది. ఏళ్ళ తరబడి అలా రుద్దుకుంటే అక్కడ పూత అరిగి కిందున్న లోహం గాలికి తేలుతుంది. తేమ తగిలితే దాని మీద సన్నని పొర పెరుగుతుంది. ఇంట్లో లైటు స్విచ్చులో ఇలాంటి పొర ఏర్పడినా ప్రమాదం లేదు, 230 వోల్టులు దాన్ని చీల్చుకుని పోతాయి. సిమ్‌లో ఉన్నది 1.8 వోల్టులు, డేటా లైనులో నడిచేది మరీ చిన్న కరెంటు. కంటికి కనపడని పొర కూడా దాన్ని ఆపేయగలదు. చెమట పట్టే చొక్కా జేబు, వంటింటి ఆవిరి, సముద్రతీరం ఊళ్ళలో ఉప్పుగాలి, ఇవన్నీ ఆ పొరకి దోహదం చేసేవే.

సరే, ఇప్పుడు పరీక్షలకి వద్దాం. సూది పట్టుకునే ముందు సెట్టింగుల్లో రెండు మూడు చూడాలి. రెండు సిమ్‌ల ఫోన్లలో ఒక్కో సిమ్‌నీ ఆపేసే మీట ఉంటుంది. పిల్లలో, పొరపాటున మన వేలో దాన్ని తాకి ఆపేస్తే ఆ సిమ్ లేనట్టే కనపడుతుంది. అది సరిగ్గా ఉంటే ఫోను ఒకసారి పూర్తిగా ఆపి మళ్ళీ ఆన్ చేయాలి. ఏరోప్లేన్ మోడ్ వేసి తీయడం దీనికి సరిపోకపోవచ్చు. చాలా ఫోన్లలో అది రేడియోని ఆపుతుంది గానీ కార్డుని కొత్తగా నిద్రలేపదు. తర్వాత డయల్ ప్యాడ్‌లో ఇది నొక్కాలి:

```
*#06#
```

రెండు సిమ్‌ల ఫోనైతే రెండు ఐఎంఈఐ నంబర్లు రావాలి. అవి ఖాళీగానో, అన్నీ సున్నాలుగానో వస్తే దోషం సిమ్‌లో గానీ అరలో గానీ లేదు. సిగ్నల్ చూసుకునే మోడెమ్ భాగమే దెబ్బతింది, ఇక ట్రే ఎంత తుడిచినా లాభం లేదు.

నంబర్లు వచ్చాయంటే అసలు పరీక్ష మిగిలింది. దీన్ని దుకాణాల్లో కూడా చాలామంది వాడరు. నా మటుకు నేను అన్నిటికంటే ముందు ఇదే చూస్తాను. ఆండ్రాయిడ్‌లో Settings, About phone, SIM status దగ్గరికి, ఐఫోన్‌లో Settings, General, About దగ్గరికి వెళితే ICCID అనే పొడవాటి సంఖ్య కనపడుతుంది. అది కార్డుకి పుట్టుకతో వచ్చిన నంబరు, 19 గానీ 20 గానీ అంకెలు, మన దేశపు కార్డుల్లో 8991తో మొదలవుతుంది. చాలా కార్డుల మీద అచ్చు కూడా వేసి ఉంటుంది. ఈ నంబరు చదవడానికి పిన్ అక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు, రీచార్జి అక్కర్లేదు. ఐదు గడులూ తగిలితే చాలు. అది తెర మీద కనపడిందంటే ఆ క్షణానికి ట్రే, గడులు, పిన్నులు అన్నీ పనిచేస్తున్నట్టే, బాధ నెట్‌వర్క్ వైపు వెతకాలి. ఖాళీగా ఉంటే బాధ కార్డులోనో, అరలోనో. అప్పుడప్పుడూ కనపడి పోతుంటే తగులుడు సరిగ్గా లేదన్నమాట.

ట్రే తీయడానికి ముందు ఫోను ఆపేయాలి. సూది గుచ్చే రంధ్రం ట్రే అంచు మీదే ఉంటుంది. ఫోను అడుగున ఉన్న రంధ్రాల్లో గుచ్చితే మైకు చిల్లు పడుతుంది, రిపేరు షాపుల్లో ఇదొక మామూలు కేసు. గుండుసూది మరీ సన్నం, మొనతేలి ఉంటుంది, లోపల నొక్కాల్సిన చోట జారిపోతుంది. విప్పి నిలువుగా చేసిన పేపర్ క్లిప్పు నయం. నిటారుగా గుచ్చి నొక్కితే ట్రే ఒక మిల్లీమీటరు బయటికి వస్తుంది, అక్కడి నుంచి గోటితో లాగాలి. రాకపోతే బలవంతం చేయకూడదు. లోపల ఏదో పిన్నుకి తగులుకుని ఉందని అర్థం, లాగితే పిన్ను కూడా వస్తుంది.

బయటికి వచ్చిన ట్రేని బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. వంపు ఉంటే అటో ఇటో కొస లేచి కనపడుతుంది. వంగిన ట్రే కార్డుని ఒక పక్క పిన్నులకి నొక్కి, రెండో పక్క దూరంగా ఉంచుతుంది. కార్డు మూల కత్తిరింపు ట్రే మూలతో కలవాలి, కార్డు ట్రే అంచుల మధ్య చదునుగా దిగాలి, ఎక్కడా పైకి పొంగకూడదు. ట్రేలో ఇంకొక రహస్యం ఉంది. చాలా ఫోన్లలో అర చివర ఒక చిన్న స్విచ్చు ఉంటుంది, ట్రే కొస దాన్ని తాకితేనే కార్డు పెట్టారని ఫోను అనుకుని పలకరింపు మొదలుపెడుతుంది. అంటే ఆ స్విచ్చు చెప్పేది ట్రే వచ్చిందని, కార్డు వచ్చిందని కాదు. ట్రే పోయిందని బయట కొన్న నకలు ట్రే అర మిల్లీమీటరు పొట్టిదైనా, కొస విరిగినా, రబ్బరు రింగు ఉన్న ఫోనులో ఆ రింగు మడతపడి ట్రే పూర్తిగా దిగకపోయినా గడులన్నీ బంగారంలా ఉండి కూడా పలకరింపే జరగదు. దీన్ని కనిపెట్టడం తేలిక, ఈ ఒక్క పరీక్షకి మాత్రం ఫోను ఆపకూడదు. ఫోను ఆన్‌లో ఉండగా ట్రే తీసి పెడితే చాలా ఫోన్లలో సిమ్ గుర్తు మారడమో, సిమ్ తీశారన్న సందేశం రావడమో జరుగుతుంది. మీ ఫోను ఇదివరకు అలా స్పందించేదై ఉండి ఇప్పుడు ఏమీ అనకపోతే, ముందు అనుమానించాల్సింది ట్రే కొసనీ, స్విచ్చునీ.

కార్డు తుడవడం పెద్ద పని కాదు గానీ జనం అతిగా చేసేది ఇక్కడే. కళ్ళద్దాలు తుడిచే మెత్తని గుడ్డ కొసకి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి గడుల మీద నెమ్మదిగా రెండు మూడుసార్లు తుడిచి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. చేతి శానిటైజరు వాడకండి. చర్మం ఎండిపోకుండా దాంట్లో గ్లిజరిన్ కలుపుతారు, అది గడుల మీద పొరగా మిగిలిపోతుంది. గోళ్ళ రంగు తీసే ద్రవం ప్లాస్టిక్‌ని తింటుంది. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన దగ్గర పాత అలవాటు. మొండి మరకకి ఒకటి రెండుసార్లు తేలికగా అయితే సరే, రోజూ చేస్తే మాత్రం మిగిలిన కాస్త బంగారం కూడా రబ్బరుకే అంటుకుని పోతుంది. తుడిచాక గడులని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి. పిన్ను రుద్దిన చోట సన్నని గీతలు మామూలే. ఆ గీత నల్లబడితేనో, ఆకుపచ్చ చాయ కనపడితేనో పూత పోయి రాగి తేలింది, ఆ కార్డు మార్చుకోవడమే మంచిది. పలక మధ్యలో పగులు ఉన్నా, కార్డు వంగినా అంతే. బంగారు పలక కింద ఉన్న చిప్పు సిలికాన్ పలుకు, దాని నుంచి గడులకి వెళ్ళే తీగలు వెంట్రుకకంటే సన్నం. కార్డు వంచితే ముందు తెగేవి అవే.

అర లోపల మాత్రం చేతులు పెట్టకూడదు. టార్చి వేసి, భూతద్దం ఉంటే దాంతో లోపలికి చూడటం వరకే. పిన్నులన్నీ ఒకే ఎత్తులో వరుసగా కనపడాలి. దుమ్ము ఉంటే చిన్న రబ్బరు బల్బుతో గాలి కొట్టొచ్చు, నోటితో ఊదితే ఉమ్మి తేమ లోపలికి పోతుంది. దూది పుల్ల పెట్టకండి, దాని పోగులు పిన్నులకి చిక్కుకుంటాయి, లాగితే పిన్ను వంగుతుంది. చాలా ఐఫోన్లలో ఈ అరలోనే తడి తగిలితే ఎర్రబడే చిన్న గుర్తు ఉంటుంది. అది తెల్లగానో వెండి రంగులోనో ఉంటే నీళ్ళ అనుమానం తగ్గుతుంది, ఎర్రగా ఉంటే తుడుపు మానేసి షాపుకి వెళ్ళడమే.

ఇక్కడి దాకా వచ్చాక కూడా దోషం కార్డులోనా, అరలోనా తేలకపోవచ్చు. అప్పుడు కార్డులు మార్చి చూడాలి. ఈ కార్డు ఇంకో ఫోనులో, ఇంకో కార్డు ఈ ఫోనులో. రెండు అరలుంటే ఫోను లోపలే తారుమారు చేయొచ్చు. మామూలుగా దీంతో లెక్క తేలిపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం సమాధానం తికమకగా వస్తుంది. అలాంటి కేసు ఒకటి కాకినాడలో మిత్రుడి రిపేరు బల్ల దగ్గర చూశాను, అది కాస్త వివరంగా చెప్పాలి.

ఫోను చేపల వ్యాపారం చేసే ఒకాయనది. రెండు సిమ్‌లు. మొదటి అరలో ఉన్నది ఆయన పాత నంబరు, ఊళ్ళో కొనుగోలుదారులందరి దగ్గరా ఉన్నది అదే. రెండో అరలో పోయినేడు తీసుకున్న కొత్తది. పాత నంబరు బండి మీద వెళ్తుంటే పోతుంది, ఇంటికొచ్చి ఫోను పక్కన గట్టిగా నొక్కితే వస్తుంది. "ఈ సిమ్ పాతబడిపోయిందండీ, కొత్తది తీసుకోమంటున్నారు. తీసుకుంటే పోద్దా?" అని అడిగాడు. మిత్రుడు ముందు *#06# నొక్కాడు, రెండు నంబర్లూ వచ్చాయి. ICCID చూస్తే రెండో అరది ఉంది, మొదటిది ఖాళీ. ట్రే వంకర లేదు. రెండు కార్డులూ తుడిచి తారుమారు చేసి పెట్టాడు. పాత కార్డు రెండో అరలో బ్రహ్మాండంగా పనిచేసింది. కొత్త కార్డు మొదటి అరలో అసలు కనపడలేదు, నొక్కినా కనపడలేదు.

ఇప్పుడు చూడండి. కార్డు పాడనడానికి లేదు, పాతదీ కొత్తదీ రెండో అరలో హాయిగా పనిచేస్తున్నాయి. పోనీ మొదటి అర పూర్తిగా చచ్చిపోయిందా అంటే, పాత కార్డు అక్కడ అప్పుడప్పుడైనా వస్తోంది. నిన్నమొన్నటి కొత్త కార్డు ఒక్కసారి కూడా రాని అరలో అరిగిన పాత కార్డు ఎలా వస్తోంది?

మిత్రుడు వెర్నియర్ తీసి రెండు కార్డుల మందం కొలిచాడు. కొత్తది 0.67 మిల్లీమీటర్లు. పాతది 0.76. కథంతా ఆ తేడాలో ఉంది. ఇప్పుడు మనం వాడే నానో సిమ్ 2012లో వచ్చింది, 12.3 బై 8.8 మిల్లీమీటర్లు, మందం 0.67. అంతకు ముందున్న మినీ, మైక్రో కార్డులు రెండూ 0.76 మందం. నానో వచ్చిన కొత్తలో కార్డు మార్చుకోవడానికి బద్ధకించి, పాత కార్డునే స్టేప్లర్ లాంటి కట్టర్‌తో నానో సైజుకి కత్తిరించుకున్నవాళ్ళు ఎందరో. కట్టర్ పొడవు వెడల్పులు తగ్గిస్తుంది, మందం తగ్గించలేదు. నానో ట్రేలో అది 0.09 మిల్లీమీటరు పైకి ఉబ్బి ఉంటుంది. ఇంచుమించు నోటుపుస్తకంలో కాగితం మందం. ట్రే తోసినప్పుడల్లా ఆ ఉబ్బు స్ప్రింగు పిన్నులని వాటి హద్దు దాటి అణిచింది. ఏళ్ళ తరబడి అణగివున్న స్ప్రింగు తిరిగి పూర్తి ఎత్తుకి లేవలేదు. మందపాటి కార్డుకి అది అటూ ఇటూగా తగులుతోంది, బండి కుదుపుకి వదిలేస్తోంది, పక్కన నొక్కితే పట్టుకుంటోంది. సరైన మందం ఉన్న కొత్త కార్డు దాకా అందడమే లేదు. వెనక మూత తీసి భూతద్దం కింద చూస్తే ఆరు పిన్నుల్లో ఒకటి మిగతావాటికంటే కిందికి కుంగి కనపడింది, దాని మొదట్లో ఉప్పుగాలి తెచ్చిన తెల్లటి బూజు లాంటి పొడి కూడా ఉంది. ఆయన ఎవరో చెప్పిన సలహా మీద పాత కార్డుకి గడులు లేని వైపు కాగితం ముక్క అంటించి కొన్నాళ్ళు నడిపించాడట. అందరూ చెప్పే చిట్కా అది, వెంటనే పనిచేస్తుంది కూడా, ఎందుకంటే కుంగిన పిన్నుకి కావలసిన ఎత్తు దాదాపు అంతే. కానీ అదే ఒత్తిడి మిగతా ఐదు పిన్నుల్నీ అణిచేస్తుంది, ఆర్నెల్లకి రెండు కాగితాలు కావాలి.

ఆ రోజు ఆయన కొత్త కార్డు తీసుకుని ఉంటే మొదటి అరలో పెట్టి, అదీ పనిచేయక, ఫోనే పోయిందనుకుని ఉండేవాడు. చేసింది వేరు. అర మొత్తాన్ని మార్చారు. బోర్డుకి అతికించిన లోహపు సాకెట్‌ని వేడిగాలితో తీసి అదే మోడల్‌ది కొత్తది పెట్టడం, చెయ్యి తిరిగినవాళ్ళకి గంటలోపు పని. పాత కార్డుని మాత్రం మళ్ళీ ఆ అరలో పెట్టనివ్వలేదు, అదే నంబరు మీద సరైన మందం కార్డు తెచ్చుకునేదాకా కొత్త నంబరుతోనే నడపమన్నారు.

రిపేరు షాపు చేయగలిగినదానికీ ఒక హద్దు ఉంది. సాకెట్ కొత్తగా మార్చాక కూడా ఏ కార్డూ కనపడకపోతే, తప్పు సాకెట్‌కీ మోడెమ్‌కీ మధ్య తీగల్లోనో, టంకంలోనో ఉంటుంది. ఫోను కింద పడ్డాక మొదలైన No SIM, వేడెక్కినప్పుడు వచ్చి చల్లారితే పోయే No SIM ఎక్కువగా ఈ కోవలోవే. పగిలిన టంకం వేడికి విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది, ఒక్కోసారి దీనికి తలకిందులుగా కూడా. మల్టీమీటరుతో ఒక్కో గడి లైనునీ కొలిచే ఓపిక ఉన్న మెకానిక్కు దాన్ని పట్టుకోగలడు. కొలవకుండా ముందే బోర్డు మార్చాలనేవాడి దగ్గర ఫోను వదలకపోవడమే నయం. ట్రే లేకుండా ఈసిమ్ వాడే ఫోన్లలో ఈ పిన్నుల బాధ ఉండదు గానీ, అక్కడ కార్డు చిప్పు బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి టంకం బాధ మాత్రం ఉండొచ్చు.

కార్డే పోయిందని తేలితే, అంటే రెండు మంచి ఫోన్లలో కూడా ICCID రాకపోతే, డూప్లికేట్ తీసుకోవడమే దారి. పదేళ్ళు దాటిన కార్డులకి ఇది సహజ మరణం కూడా కావచ్చు. ఫోను ప్రాంతం మారినప్పుడల్లా కార్డు జ్ఞాపకంలో ఒక చిన్న ఫైలు తిరగరాస్తుంది, ఆ జ్ఞాపకం కొన్ని లక్షల రాతలకి మించి ఓర్చుకోదు. గుర్తింపు పత్రం తీసుకుని కంపెనీ దుకాణానికి స్వయంగా వెళ్ళాలి. నంబరు ఎవరి పేరున ఉందో వాళ్ళే వెళ్ళాలి. ఇంట్లో పెద్దవాళ్ళ సిమ్ కొడుకు పేరునో, అల్లుడి పేరునో ఉండి ఆయన హైదరాబాదులో ఉండటం మన ఇళ్ళలో మామూలే కాబట్టి బయలుదేరే ముందే అది చూసుకోవడం మంచిది. కొత్త కార్డు చేతికొచ్చాక మొదటి 24 గంటలు ఆ నంబరుకి ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. డూప్లికేట్ సిమ్ మోసాలని ఆపడానికి పెట్టిన నిబంధన అది. కాల్స్ వస్తాయి, బ్యాంకు ఓటీపీలు రావు, యూపీఐ యాప్ నంబరు మళ్ళీ సరిచూసుకోవడానికి పంపే మెసేజీ కూడా వెళ్ళదు. అలాగే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం సిమ్ మార్చిన 7 రోజుల దాకా ఆ నంబరుని వేరే కంపెనీకి పోర్ట్ చేయడం కుదరదు. ఫీజు కట్టాల్సిన చివరి రోజో, ఊరికి డబ్బు పంపాల్సిన రోజో ఉంటే దాని ముందు రోజు కార్డు మార్చుకోకండి. పని అయ్యాక వెళ్ళండి, లేదా ముందే బ్యాంకులో ఇంకో దారి చూసుకోండి.